పర్సనల్ లోన్ ముందే తీర్చేస్తున్నారా? కట్టాల్సిన మొత్తం లెక్క నుంచి క్లోజర్ లెటర్ చేతికొచ్చేదాకా

బోనస్ వచ్చిందనో, చీటీ పాడుకున్నామనో, స్థలం అమ్మిన డబ్బు చేతికందిందనో పర్సనల్ లోన్‌ను గడువుకు ముందే తీర్చేద్దామని చాలామంది అనుకుంటారు. యాప్ తెరిస్తే మిగిలిన అసలు ఇంత అని ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకె చూసి డబ్బు సర్దుకుంటారు. తీరా కట్టబోతే బ్యాంకు చెప్పే మొత్తం అంతకంటే పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై వేలు ఎక్కువ ఉంటుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో లైను లైనుగా మీరే సరిచూసుకోవచ్చు. కట్టాక లోన్ నిజంగా మూతపడిందని రుజువు చేసే కాగితంలో ఏమేం ఉండాలో కూడా ముందే తెలిసుంటే, రెండేళ్ల తర్వాత ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు "మీ పాత లోన్ ఇంకా ఓపెన్‌లో ఉందండీ" అనే మాట వినాల్సిన అవసరం రాదు.

ఇక్కడ చెప్పేది కిస్తీలు సక్రమంగా కడుతూ, మిగిలినదంతా ఒకేసారి కట్టేసే వాళ్ల గురించి. కిస్తీలు కట్టలేక బ్యాంకుతో బేరమాడి తక్కువకు తేల్చుకునే వన్ టైమ్ సెటిల్‌మెంట్ వేరు. ఈ రెండూ కలిసిపోతే ఏం నష్టమో లెటర్ దగ్గర చెబుతాను.

ముందు మీ కాగితాల్లో చూడాల్సింది

లోన్ తీసుకున్నప్పుడు సంతకం పెట్టిన అగ్రిమెంట్, దాంతోపాటు వడ్డీ, చార్జీలు, షరతులు క్లుప్తంగా చూపిస్తూ ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ బయటికి తీయండి. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన రిటైల్ టర్మ్ లోన్లన్నిటికీ ఈ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. బ్యాంకైనా, ఎన్‌బీఎఫ్‌సీ అనే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ అయినా, యాప్‌లో తీసుకున్న లోనైనా ఇదే వర్తిస్తుంది. అందులో ఫోర్‌క్లోజర్ చార్జీలు, అంటే గడువుకు ముందే లోన్ మొత్తం తీర్చేస్తే వేసే చార్జీలు ఎంతో చెప్పే గడి ఒకటి ఉంటుంది. అందులో రాయని ఏ చార్జీనైనా మీ స్పష్టమైన సమ్మతి లేకుండా లోన్ కాలంలో ఎప్పుడూ వసూలు చేయకూడదు. కాబట్టి బ్యాంకు వాళ్లు ఏం చెప్పినా మొదట పోల్చుకోవాల్సింది ఈ కాగితంతోనే. అంతకు ముందు తీసుకున్న లోనైతే శాంక్షన్ లెటర్, అగ్రిమెంట్ చివర ఉండే చార్జీల పట్టిక చూడండి.

రెండో సంగతి, మీ వడ్డీ చివరిదాకా మారని ఫిక్స్‌డా, మార్కెట్‌ను బట్టి మారే ఫ్లోటింగా? పర్సనల్ లోన్లలో ఎక్కువ భాగం ఫిక్స్‌డే. అయితే కొన్ని బ్యాంకులు రెపో రేటుకు ముడిపెట్టి ఫ్లోటింగ్ వడ్డీకి కూడా ఇస్తాయి. వ్యాపారం కోసం కాకుండా సొంత అవసరాలకు తీసుకున్న ఫ్లోటింగ్ లోన్‌కి వ్యక్తుల దగ్గర ఫోర్‌క్లోజర్ చార్జీ వసూలు చేయకూడదు. ఈ నియమం 2014 నుంచే ఉంది. 2025 జూలై 2న రిజర్వ్ బ్యాంక్ ప్రీపేమెంట్ చార్జీల మీద ప్రత్యేకంగా ఆదేశాలిచ్చి దీన్ని మరింత గట్టిచేసింది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యూవల్ అయిన లోన్లకు అవి వర్తిస్తాయి. వాటి ప్రకారం ఫ్లోటింగ్ లోన్‌ని ఏ డబ్బుతో తీర్చినా ఇదే నియమం. అంటే వేరే బ్యాంకులో తక్కువ వడ్డీకి తెచ్చి కట్టినా చార్జీ ఉండదు.

మీది ఫిక్స్‌డ్ అయితే చార్జీ వేసుకునే స్వేచ్ఛ బ్యాంకుకు ఉంది. దానికీ హద్దులున్నాయి. ఆ 2025 ఆదేశాల కిందికి వచ్చే లోన్లకు చార్జీని ముందుగా కడుతున్న మొత్తం మీదే లెక్కగట్టాలి, మీరు మొదట తీసుకున్న లోన్ మొత్తం మీద కాదు. గతంలో మాఫీ చేసిన చార్జీని తీర్చే రోజున తిరిగి తగిలించకూడదు. బ్యాంకే కోరి ముందు తీర్చమంటే అసలు చార్జీయే వేయకూడదు.

మూడోది లాక్-ఇన్. చాలా ఫిక్స్‌డ్ లోన్లలో మొదటి ఆరు లేదా పన్నెండు కిస్తీలు కట్టేదాకా ఫోర్‌క్లోజర్‌కి ఒప్పుకోరు. కొన్నిచోట్ల ఏడాదిలోపు ఒక రేటు, రెండేళ్లు దాటాక ఇంకో రేటు, మూడేళ్లు దాటాక అసలు లేకపోవడం అనే మెట్ల పద్ధతి ఉంటుంది. మీ లోన్‌కి ఒక మెట్టు దిగడానికి ఒకట్రెండు నెలలే మిగిలి ఉంటే ఆగడమే మంచిది. యాప్‌లో డిజిటల్ లోన్ తీసుకుని రెండు రోజుల్లోనే మనసు మారిన వాళ్లకు ఇంకో దారి ఉంది. కూలింగ్-ఆఫ్ గడువులో అయితే అసలు, ఆ కొద్ది రోజుల ఖర్చు మాత్రం కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాకపోవచ్చు. ఆ గడువు ఎన్ని రోజులో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లోనే ఉంటుంది.

తీర్చడం లాభమేనా, ఒక లెక్క

ఉదాహరణకు 5,00,000 రూపాయల లోన్, 14 శాతం ఫిక్స్‌డ్ వడ్డీ, 60 కిస్తీలు అనుకుందాం. నెలకు కిస్తీ 11,634. ప్రతి నెలా 5వ తేదీన కట్ అవుతుంది. ఫోర్‌క్లోజర్ చార్జీ మిగిలిన అసలు మీద 4 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ. జీఎస్టీతో కలిపితే చార్జీ 4.72 శాతం అవుతుంది. జీఎస్టీని మర్చిపోయి బడ్జెట్ వేసుకోవడం వల్లే చాలామందికి ఆఖరి నిమిషంలో డబ్బు చాలదు.

24 కిస్తీలు కట్టాక మిగిలిన అసలు దాదాపు 3,40,400. ఇక్కడి నుంచి మిగతా 36 కిస్తీలూ కడితే మొత్తం 4,18,824 కడతారు. అంటే ఇంకా 78,424 వడ్డీ పోతుంది. ఇప్పుడే తీరిస్తే చార్జీ, జీఎస్టీ కలిపి 16,067. చేతిలో డబ్బు ఉండి, అది సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉంటే తీర్చేయడంలో స్పష్టమైన లాభం ఉంది.

అదే 48 కిస్తీలు అయిపోయి పన్నెండే మిగిలాయనుకోండి. అప్పుడు మిగిలిన అసలు సుమారు 1,29,574, ఇంకా కట్టబోయే వడ్డీ 10,034. చార్జీ 6,116. పైకి నాలుగు వేల దాకా మిగిలినట్టు కనిపిస్తుంది కానీ, ఆ లక్షా ముప్పై వేలను 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి అందులోంచే నెలనెలా కిస్తీ కట్టినా దాదాపు అయిదు వేల వడ్డీ వస్తుంది. తీర్చేస్తే మీకే నష్టం. ఇక ఆరు కిస్తీలే మిగిలినప్పుడు మిగిలిన వడ్డీ 2,763, చార్జీ 3,164. ఇక్కడ ముందే తీర్చడం అంటే బ్యాంకుకు వడ్డీ కంటే ఎక్కువ ఇచ్చి బయటికి రావడం.

కారణం ఏమిటంటే, కిస్తీల్లో వడ్డీ భాగం మొదట్లో ఎక్కువ, చివరికొచ్చేసరికి నామమాత్రం. మెట్ల పద్ధతి లేని లోన్‌లో చార్జీ శాతం మాత్రం మారదు. మీ లోన్ సంగతి తేల్చుకోవడానికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. మిగిలిన కిస్తీల సంఖ్యను కిస్తీ మొత్తంతో గుణించి, అందులోంచి మిగిలిన అసలు తీసేయండి. వచ్చింది మిగిలిన వడ్డీ. దాని పక్కన జీఎస్టీతో కలిపిన చార్జీ రాసుకోండి. తేడా పెద్దగా ఉంటేనే ముందుకెళ్లండి. ఇంటి లోన్‌కి అప్లై చేయబోతూ నెలసరి కిస్తీల భారం తగ్గించుకోవాలనుకుంటే మాత్రం, కాస్త నష్టమైనా తీర్చడానికి అర్థం ఉంది.

ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తెప్పించుకోండి

ఫోన్‌లో కస్టమర్ కేర్ చెప్పిన అంకెను నమ్ముకుని డబ్బు కట్టొద్దు. ఒక తేదీ దాకా చెల్లే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ రాతపూర్వకంగా కావాలి. కొన్ని బ్యాంకులు యాప్‌లోనే ఇస్తాయి, కొన్నిచోట్ల మెయిల్ పెట్టాలి, కొందరు బ్రాంచికి రమ్మంటారు. మెయిల్ రాసేటప్పుడు ఈ మాత్రం ఉంటే చాలు: "నా లోన్ నంబరు ఫలానా. ఈ నెల 18వ తేదీన మొత్తం బాకీ తీర్చి ఖాతా మూసేయాలనుకుంటున్నాను. ఆ తేదీకి కట్టాల్సిన మొత్తం, అసలు, వడ్డీ, చార్జీలు, జీఎస్టీ విడివిడిగా చూపిస్తూ, రోజువారీ వడ్డీ ఎంతో కూడా తెలుపుతూ స్టేట్‌మెంట్ పంపగలరు." రోజువారీ వడ్డీ అడగడం మర్చిపోవద్దు. కట్టే రోజు ఒకటి అటో ఇటో అయితే అదే అక్కరకొస్తుంది.

మన ఉదాహరణలో 24వ కిస్తీ 5వ తేదీన కట్ అయింది, 18న తీరుస్తున్నారు. రావాల్సిన స్టేట్‌మెంట్ ఇలా ఉండాలి.

మిగిలిన అసలు: 3,40,400
5 నుంచి 18 దాకా 13 రోజుల వడ్డీ: 1,697
ఫోర్‌క్లోజర్ చార్జీ 4 శాతం: 13,616
చార్జీ మీద జీఎస్టీ 18 శాతం: 2,451
మొత్తం: 3,58,164

ఇప్పుడు ఒక్కో లైను పట్టుకుని చూడండి. అసలు సరైందో కాదో మీ అమార్టైజేషన్ షెడ్యూల్ చెబుతుంది. అంటే ఏ కిస్తీలో ఎంత అసలు, ఎంత వడ్డీ పోతుందో చూపే పట్టిక. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌తో పాటే వస్తుంది. 24వ కిస్తీ తర్వాత మిగిలిన బాకీ ఎంతని అందులో ఉందో దాదాపు అదే స్టేట్‌మెంట్‌లోనూ ఉండాలి. తేడా ఒక కిస్తీలోని అసలు భాగమంత ఉంటే, చివరి కిస్తీ ఇంకా వాళ్ల పుస్తకాల్లో జమకాలేదని అర్థం. అలాంటప్పుడు రెండు మూడు రోజులు ఆగి కొత్త స్టేట్‌మెంట్ అడగడమే సరైన పని.

వడ్డీ లైనులో జరిగే పొరపాటు వేరు. 13 రోజులకు బదులు నెలంతటికీ వేస్తారు. అసలును 14 శాతంతో గుణించి 365తో భాగిస్తే రోజుకు దాదాపు 130 రూపాయల 56 పైసలు, పదమూడు రోజులకు 1,697. నెల మొత్తానికి వేస్తే 3,971 అవుతుంది. రెండు వేల పైచిలుకు తేడా. స్టేట్‌మెంట్‌లో వడ్డీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని లేకపోతే తప్పకుండా అడగండి.

చార్జీ లైనులోనే పెద్ద తేడాలు దొరుకుతాయి. 4 శాతాన్ని మిగిలిన 3,40,400 మీద కాకుండా మొదట తీసుకున్న 5,00,000 మీద వేస్తే జీఎస్టీతో కలిపి 23,600 అవుతుంది, ఏడున్నర వేలు ఎక్కువ. కొందరు గత పన్నెండు నెలల్లో మీరు కిస్తీలకు అదనంగా అసలులోకి కట్టిన పార్ట్ పేమెంట్లను కూడా కలిపి దాని మీద చార్జీ వేస్తారు. అది మీ అగ్రిమెంట్‌లో రాసి ఉందా లేదా అన్నదే ప్రశ్న. జీఎస్టీ చార్జీ మీద మాత్రమే పడాలి. అసలు మీద గానీ వడ్డీ మీద గానీ జీఎస్టీ ఉండదు.

ఎప్పుడో ఒక కిస్తీ బౌన్స్ అయి ఉంటే బౌన్స్ చార్జీ, ఆలస్యానికి పీనల్ చార్జీ లైన్లు కూడా కనిపిస్తాయి. పీనల్ అనేది ఇప్పుడు వడ్డీ రూపంలో వేయకూడదు, చార్జీగా మాత్రమే వేయాలి, దాని మీద మళ్లీ వడ్డీ పెరగకూడదు. పాత బౌన్స్ చార్జీ అప్పుడే కట్టేసి ఉంటే రసీదు చూపించి తీయించండి. స్టేట్‌మెంట్ కింద తగ్గింపుల లైను కూడా చూడండి. మీరు అదనంగా కట్టినదేమైనా ఖాతాలో ఉంటే అది మొత్తంలోంచి పోవాలి.

చార్జీ తగ్గించమని అడగడంలో తప్పేమీ లేదు. మేనేజర్ స్థాయిలో కొంత మాఫీ చేసే వీలు కొన్నిచోట్ల ఉంటుంది. అయితే "తగ్గిస్తాం సార్, కట్టేయండి" అన్న మాట చాలదు. తగ్గించిన స్టేట్‌మెంట్ మళ్లీ ఇప్పించుకుని, తర్వాతే కట్టండి. ఇక్కడ మాఫీ అంటే చార్జీలో మాత్రమే, అసలులో వడ్డీలో కాదు. స్టేట్‌మెంట్‌లో చార్జీ తగ్గినట్టు విడిగా కనిపించాలి.

డబ్బు కట్టే రోజు

తేదీ ఎంచుకోవడమే సగం పని. కిస్తీ 5న కట్ అయ్యే లోన్‌కి ఎన్‌ఏసీహెచ్ అనే ఆటో డెబిట్ వ్యవస్థ ద్వారా డెబిట్ అడిగే ఫైలు కొన్ని రోజుల ముందే బ్యాంకుకు వెళ్లిపోతుంది. మీరు 2న మొత్తం కట్టేసినా 5న కిస్తీ కట్ అవ్వొచ్చు. ఆ డబ్బు వెనక్కి వస్తుంది కానీ దానికోసం మెయిళ్లు, తిరుగుళ్లు. అదే ఖాతాలో డబ్బు లేకపోతే, తీరిపోయిన లోన్‌కి బౌన్స్ చార్జీ పడి ఇంకో తలనొప్పి. అందుకే కిస్తీ కట్ అయి, జమ అయినట్టు కనిపించాక, అదే నెల మధ్యలో కట్టడం అన్నిటికంటే శ్రేయస్కరం.

డబ్బు ఎక్కడికి కట్టాలో స్టేట్‌మెంట్‌లోనో బ్యాంకు సొంత యాప్‌లోనో ఉన్న ఖాతాకే కట్టండి. ఏజెంటు ఇచ్చిన యూపీఐ నంబరుకో, వాట్సాప్‌లో వచ్చిన లింకుకో వద్దే వద్దు. ఇంకో ముఖ్యమైన విషయం: ఫోర్‌క్లోజర్ రిక్వెస్ట్ నమోదు కాకుండా లోన్ ఖాతాలోకి ఊరికే మొత్తం పంపేస్తే, సిస్టమ్ దాన్ని పార్ట్ పేమెంట్‌గానో, ముందస్తు జమగానో ఉంచుకుని తర్వాతి నెల కిస్తీ మామూలుగానే కట్ చేస్తుంది. అందుకే రిక్వెస్ట్ నంబరు ముందు, డబ్బు తర్వాత.

ఇక నేను ప్రత్యేకంగా హెచ్చరించేది చిల్లర బాకీ గురించి. 18వ తేదీ దాకా చెల్లే స్టేట్‌మెంట్ పట్టుకుని సాయంత్రం నెఫ్ట్ చేశారు. అది వాళ్ల పుస్తకాల్లో 19న జమైంది. ఒక రోజు వడ్డీ 130 రూపాయలు తక్కువైంది. అన్ని సిస్టమ్‌లూ దాన్ని మాఫీ చేయవు. ఖాతా 130 రూపాయల బాకీతో తెరిచే ఉంటుంది. మీకు ఎవరూ ఫోన్ చేయరు, ఎందుకంటే అంత చిన్న మొత్తానికి ఎవరూ వెంటపడరు. కొన్నాళ్లకు మీ క్రెడిట్ రిపోర్టులో బాకీ 130, గడువు దాటి ఇన్ని రోజులు అని కనబడుతుంది. స్కోరు పడిపోతుంది, కొత్త లోన్ ఆగిపోతుంది. అంతా 130 రూపాయలకు.

దీన్ని తప్పించుకోవడం తేలిక. పని దినాన ఉదయమే కట్టండి. వారాంతం, సెలవు ముందు రోజు వద్దు. వీలైతే రెండు రోజుల వడ్డీ ఎక్కువ కలిపి కట్టి, మిగిలింది వెనక్కిమ్మని అడగండి. కొన్ని యాప్‌లు స్టేట్‌మెంట్‌లోని అంకెకు ఒక్క రూపాయి అటూ ఇటూ అయినా తీసుకోవు, అక్కడ ఎలాగూ సమస్య రాదు. చెక్కు ఇస్తుంటే అది క్లియర్ అయ్యే రోజు దాకా వడ్డీ లెక్క వేయించండి. కట్టాక వచ్చిన యూటీఆర్ అనే లావాదేవీ గుర్తింపు నంబరు, స్క్రీన్‌షాట్, ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ మూడూ ఒకచోట పెట్టుకోండి.

క్లోజర్ లెటర్‌లో ఏమేం ఉండాలి

"మీ చెల్లింపు అందింది, ధన్యవాదాలు" అని వచ్చే ఎస్ఎంఎస్ రసీదు మాత్రమే. యాప్‌లో లోన్ కనిపించకపోవడం కూడా రుజువు కాదు. మీకు కావాల్సింది లోన్ క్లోజర్ లెటర్. దీన్నే కొందరు నో డ్యూస్ సర్టిఫికెట్ అంటారు, కొందరు ఎన్ఓసీ అంటారు. పేరు ఏదైనా లోపల ఏం రాశారన్నదే ముఖ్యం.

మొదట గుర్తింపు వివరాలు. మీ పేరు లోన్ అగ్రిమెంట్‌లో ఉన్నట్టే, కో-బారోవర్ ఉంటే వాళ్ల పేరు కూడా, పూర్తి లోన్ నంబరు, మంజూరైన మొత్తం. మధ్యలో టాప్-అప్ తీసుకుని ఉంటే చాలాసార్లు దానికి వేరే నంబరు ఉంటుంది. ఒక నంబరుకే లెటర్ ఇచ్చి రెండోదాన్ని వదిలేస్తారు, చూసుకోండి. యాప్ ద్వారా తీసుకున్న లోనైతే లెటర్ ఆ యాప్ పేరుతో కాకుండా, అసలు డబ్బు ఇచ్చిన బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ పేరుతో రావాలి. అది ఎవరో మీ అగ్రిమెంట్‌లో ఉంటుంది, క్రెడిట్ రిపోర్టులో కనబడేదీ ఆ పేరే.

తర్వాత అసలు మాట. ఫలానా తేదీన ఫలానా మొత్తం అందింది, ఖాతా ఆ తేదీన మూసేశాం, అసలు, వడ్డీ, చార్జీల కింద మీ నుంచి రావాల్సింది ఏమీ లేదు. ఈ మూడూ లెటర్‌లో ఉండాలి. మూసిన తేదీ మీరు డబ్బు కట్టిన తేదీకి దగ్గరగా ఉండాలి. కట్టింది 18న అయితే లెటర్‌లో వచ్చే నెల 10 అని ఉంటే, మధ్యలో వడ్డీ ఏమైనా పడిందా అని అడగండి.

లెటర్‌లో షరతులు పెట్టే వాక్యాలుంటే ఒప్పుకోకండి. చెక్కు ఇచ్చిన వాళ్లకు "చెక్కు క్లియర్ కావడానికి లోబడి" అనే మాటతో లెటర్ ఇచ్చేస్తారు. అది తాత్కాలికమే, క్లియర్ అయ్యాక షరతు లేని లెటర్ మళ్లీ తీసుకోవాలి. "ఆడిట్‌లో ఏమైనా తేలితే కట్టాలి" లాంటి వాక్యాలుంటే మెయిల్ పెట్టి తీయించమని అడగండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది, లెటర్‌లోనో రిపోర్టులోనో సెటిల్డ్ అని పడటం. మన అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోల దగ్గర `Settled` అంటే మీరు పూర్తిగా కట్టలేక బ్యాంకు తక్కువకు ఒప్పుకుందని అర్థం. కొత్త లోన్ ఇచ్చేవాళ్లు దాన్ని ఎర్ర జెండాగా చూస్తారు. మీరు రూపాయి తగ్గకుండా కట్టారు, మీ ఖాతా `Closed` అని ఉండాలి. ఆఫీసులో వాడుకగా ఫైనల్ సెటిల్‌మెంట్ అని అనడం మామూలే కానీ, ఆ మాట లెటర్‌లో ఎక్కకూడదు. "మొత్తం బాకీ పూర్తిగా అందింది" అన్న అర్థం వచ్చేలా ఉండాలి. లెటర్‌లో ఏదైనా మొత్తాన్ని మాఫీ చేసినట్టు రాసి ఉంటే, అది చార్జీ గురించేనా, బాకీ గురించా అని స్పష్టం చేయించండి.

ఇక మీరు బ్యాంకుకు ఇచ్చినవి. ఆటో డెబిట్ కోసం ఇచ్చిన మ్యాండేట్ రద్దు చేశామని లెటర్‌లో గానీ, వేరే మెయిల్‌లో గానీ ఉండాలి. లోన్ సమయంలో సెక్యూరిటీ చెక్కులు ఇచ్చి ఉంటే వాటి నంబర్లతో తిరిగి ఇచ్చామనో, రద్దు చేశామనో ఉండాలి. దొరకలేదంటే ఆ నంబర్లకు మీ బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టేయండి, అడగడం కంటే అదే తొందరగా అవుతుంది.

లెటర్‌తో పాటు మొదటి నుంచి చివరిదాకా ఉన్న స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్ కూడా డౌన్‌లోడ్ చేయండి. ఆఖరి లైనులో బ్యాలెన్స్ సున్నా ఉండాలి. లెటర్ మీద సంతకం లేకుండా కంప్యూటర్‌లో తయారైనదని ఉన్నా ఫర్వాలేదు, అది బ్యాంకు అధికారిక మెయిల్ నుంచో పోర్టల్ నుంచో వచ్చి ఉండాలి. ఖాతా మూసేశాక కొన్నాళ్లకు పోర్టల్‌లో లాగిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి ఆ రోజే పీడీఎఫ్ దాచుకోండి.

లెటర్ వచ్చాక

మొదట మీ సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మ్యాండేట్లు చూడండి. లోన్ ఇచ్చిన వాళ్ల పేరు మీద ఉన్న ఎన్‌ఏసీహెచ్ మ్యాండేట్ ఇంకా యాక్టివ్‌గా ఉంటే మీరే రద్దు చేయొచ్చు. డబ్బు కట్టడానికి ముందే రద్దు చేయొద్దు, లెటర్ చేతికొచ్చాకే. తర్వాతి 5వ తేదీన కిస్తీ కట్ కాలేదని ఒకసారి చూసుకోండి. కట్ అయితే ఆ రోజే వెనక్కి ఇవ్వమని రాయండి.

లోన్‌తో పాటు క్రెడిట్ ఇన్సూరెన్స్ అంటగట్టి ఉంటే దాని పాలసీ పత్రం తీయండి. ప్రీమియం మొత్తం లోన్‌లోంచే ముందుగా కట్ చేసి ఉంటారు. ముందే తీర్చేసినప్పుడు మిగిలిన కాలానికి ఎంత వెనక్కి వస్తుందో, లేక కవరేజీ అలాగే కొనసాగుతుందో అందులో ఉంటుంది. ఇది ఎవరూ తమంతట తాముగా చెప్పరు. బీమా కంపెనీకి మీరే రాయాలి, క్లోజర్ లెటర్ జత చేయాలి.

నెల రోజులు ఆగి క్రెడిట్ రిపోర్టు చూడండి. లోన్ ఇచ్చే సంస్థలు పదిహేను రోజులకోసారైనా వివరాలు బ్యూరోలకు పంపాలనేది 2025 జనవరి నుంచి ఉన్న నియమం. కాబట్టి ఒక నెలకు మార్పు కనబడాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. నాలుగూ చూడండి, ఒకదాంట్లో సరైనంత మాత్రాన మిగతావాటిలో సరైనట్టు కాదు. ఖాతా స్టేటస్ `Closed`, ప్రస్తుత బాకీ సున్నా, గడువు మీరిన మొత్తం సున్నా, మూసిన తేదీ లెటర్‌లో ఉన్నదే అయి ఉండాలి.

తప్పు కనిపిస్తే బ్యూరో సైటులోనే డిస్ప్యూట్ వేయండి, బ్యాంకుకు కూడా లెటర్ జతచేసి మెయిల్ పెట్టండి. సరిచేయడానికి 30 రోజుల గడువు ఉంది. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. చార్జీ ఎక్కువ వేశారని గానీ, లెటర్ ఇవ్వడం లేదని గానీ ఫిర్యాదైతే ముందు బ్యాంకు గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఇచ్చి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ ఓంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. ఫిర్యాదుకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లోని చార్జీల పేజీ, ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్, యూటీఆర్ ఉన్న చెల్లింపు రుజువు జతచేస్తే, ఏ లైనులో ఎంత తప్పుందో ఒక్క పేరాలో రాస్తే సరిపోతుంది.